సరఫరాదారు ఆడిట్ నివేదిక: కావలి ప్రాంతపు ఐసు ప్లాంటు

ఎవరికి: కొనుగోళ్ళ విభాగాధిపతి, ప్లాంట్ మేనేజర్, నెల్లూరు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్
పంపినది: క్వాలిటీ విభాగం, సరఫరాదారుల ఆడిట్
సరఫరాదారు: కోడ్ ఐ-07 (ఐసు గడ్డలు, పొడి ఐసు)
తనిఖీ: 2025 జూన్ 12 పగలు, ముందుగా చెప్పి, జూన్ 17 తెల్లవారుజామున 1.40 నుంచి 4.30 వరకు, చెప్పకుండా (ఒప్పందంలో ఈ హక్కు మనకుంది)
నివేదిక తేదీ: 2025 జూన్ 23

నిర్ణయం

ఈ సరఫరాదారును వదులుకోవద్దు. కానీ క్రషర్‌లో ఆడించిన పొడి ఐసు రేపటి నుంచి ఒక్క కిలో కూడా తీసుకోవద్దు. కొత్త క్యాన్లలో గడ్డకట్టిన ఐసు మాత్రమే, గడ్డలుగానే, క్లోరిన్ నీళ్ళతో కడిగి తీసుకోవాలి. అమ్మోనియా గదికి సంబంధించిన మూడు పనులు జూన్ 30లోగా పూర్తి కాకపోతే ఆ గడ్డలు కూడా ఆపేయాలి.

ఎందుకు వెళ్ళాం

మేలో రెండు లాట్లలో ఈ కోలి మన పరిమితి దాటింది. ఒకటి అల్లూరు వైపు చెరువుది, రెండోది విడవలూరు వైపుది. రైతులు వేరు, పట్టుబడి చేసిన కూలీలు వేరు, లారీలు వేరు. రెండింటికీ ఉమ్మడిగా దొరికింది ఐసొక్కటే. చెరువు గట్టున పట్టిన రొయ్యను వెంటనే ఐసు నీళ్ళలో ముంచుతాం, తర్వాత దాదాపు సమాన బరువు ఐసుతో ట్రేలు సర్దుతాం. అంటే ఐసులో ఏముంటే అది రొయ్యకు అంటుతుంది. అయినా ఇన్నేళ్ళలో మనం మేత, మందులు, యాంటీబయోటిక్ పరీక్షల వెంటే తిరిగాం. ఐసు ప్లాంటుకు మాత్రం కాగితాలు చూసి సంతకం పెట్టాం. ఆ సంతకాల్లో నాదీ ఒకటుంది.

ఏం చూడాలనుకున్నాం, ఏం వదిలేశాం

పాత చెక్‌లిస్టులో 84 ప్రశ్నలున్నాయి. అందులో సగం ప్రాసెసింగ్ యూనిట్ కోసం రాసినవి. దాన్ని పక్కనపెట్టి నీళ్ళ వెంట నడిచాం: బోరు, ఆర్ఓ, క్లోరిన్ ట్యాంకు, క్యాన్లు, బ్రైన్ ట్యాంకు, గడ్డ ఊడదీసే తొట్టి, క్రషర్, లారీ. ఎక్కడెక్కడ నీళ్ళు చేతులు మారతాయో అక్కడ శాంపిల్ తీశాం. దీనికి తోడు అమ్మోనియా భద్రత, పనివాళ్ళు. ఆఫీసు శుభ్రత, అకౌంట్లు, ప్రహరీ గోడ లాంటివి చూడలేదు.

రెండుసార్లు వెళ్ళడానికి కారణం వేట నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు. జూన్ 12న ప్లాంటు నిద్రపోతున్నట్టుంది, నేల అద్దంలా ఉంది. నిషేధం ముగిశాక బోట్ల లోడ్లు, మన పట్టుబడి లోడ్లు ఒకే రాత్రి మీదపడితే ఎలా ఉంటుందో చూడాలనే 17న వెళ్ళాం. నివేదికలోని ముఖ్యమైన లోపాలన్నీ ఆ రాత్రి దొరికినవే.

నీళ్ళు: లోపం ఎక్కడుంది

శాంపిళ్ళు థయోసల్ఫేట్ వేసిన స్టెరైల్ సీసాల్లో తీసి, ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చాం. ఫలితాలను వరసలో చూస్తే జరిగిందేమిటో అర్థమవుతుంది.

| ఎక్కడ | క్లోరిన్, మి.గ్రా./లీ. | ఈ కోలి, 100 మి.లీ.లో |
|---|---|---|
| ఆర్ఓ తర్వాత క్లోరిన్ ట్యాంకు | 0.3 | లేదు |
| గడ్డ మధ్య భాగం కరిగించిన నీళ్ళు | చూడలేదు | లేదు |
| గడ్డ ఊడదీసే తొట్టి | సున్నా | ఉంది |
| క్రషర్ నుంచి వచ్చిన పొడి ఐసు | సున్నా | ఉంది |

తాగునీటి ప్రమాణం ప్రకారం మిగులు క్లోరిన్ కనీసం 0.2 ఉండాలి, ఈ కోలి అసలు ఉండకూడదు. ఐసు తయారయ్యే దాకా ఈ ప్లాంటు నీళ్ళు ఆ ప్రమాణానికి సరిపోతున్నాయి. చెడిపోతున్నది ఆఖరి పది అడుగుల్లో.

బ్రైన్ ట్యాంకు నుంచి క్రేన్‌తో ఎత్తిన క్యాన్లను మామూలు నీళ్ళున్న తొట్టిలో కాసేపు ముంచితే గడ్డ వదులై జారుతుంది. ఆ రాత్రి తొట్టి నీళ్ళు బురద రంగులో ఉన్నాయి. క్యాన్ అడుగున అంటిన మట్టి, పనివాళ్ళ చెప్పుల మురికి అందులోకే చేరుతున్నాయి. "లోడు మీద లోడు వస్తా ఉంటే నీళ్ళెప్పుడు మార్చేది సార్?" అన్నాడు క్రేన్ ఆపరేటర్. అతని మాట నిజమే. తొట్టి ఖాళీ చేసి నింపడానికి 50 నిమిషాలు పడుతుంది, రెండో తొట్టి లేదు. లాగ్‌బుక్‌లో మాత్రం "ప్రతి 4 గంటలకు మార్చాము" అని జూన్ 17 ఉదయం 8 గంటల దాకా ముందే రాసి ఉంది. మేం చూసినప్పుడు టైము 2.15. ఆ పేజీ ఫోటో జతచేశాం.

క్రషర్ సంగతి ఇంకా ఘోరం. బోట్లకిచ్చే గడ్డలను గచ్చు మీద ఈడ్చుకొచ్చి ఆడిస్తున్నారు, వెంటనే అదే క్రషర్‌లో మన లోడు. మధ్యలో కడగడం లేదు. పళ్ళ సందుల్లో వరి పొట్టు, ఒక చోట గోనె పీచు దొరికాయి. రెండూ పెద్ద లోపాలుగా నమోదు చేశాం.

ఉప్పు గడ్డలు

యాదృచ్ఛికంగా 20 గడ్డలు తీసి కరిగించి టీడీఎస్ చూశాం. పదిహేడింటిలో 150 నుంచి 210 మధ్య ఉంది. మూడింటిలో 1,400 దాటింది. ఆ మూడూ పాత క్యాన్లవే, అడుగు అతుకు తుప్పుపట్టి కారుతోంది. అంటే బ్రైన్ లోపలికి వస్తోంది. ఉప్పు చేరిన గడ్డ గట్టిపడదు, త్వరగా కరుగుతుంది. మే నెలలో డ్రైవర్లు "సగం దారిలోనే ఐసు నీళ్ళయిపోతోంది" అని ఫిర్యాదు చేస్తే ఎండల మీదకు నెట్టేశాం. కొంత ఎండే కావచ్చు, కొంత మాత్రం ఇది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఉప్పు కాదు, బ్రైన్ పసుపు రంగు. పాత ప్లాంటుల్లో తుప్పు ఆపడానికి బ్రైన్‌లో డైక్రోమేట్ కలిపే అలవాటుండేది. అది విషం, తాగునీటిలో మొత్తం క్రోమియం 0.05 మి.గ్రా./లీ. దాటకూడదు. "మేం ఉప్పు తప్ప ఏమీ వెయ్యం" అన్నారు యజమాని. స్టోరులో డైక్రోమేట్ సంచీ ఏదీ కనిపించలేదు, తుప్పు వల్ల కూడా రంగు రావచ్చు. బ్రైన్, మూడు ఉప్పు గడ్డలు క్రోమియం పరీక్షకు పంపాం. ఫలితం జూలై 1కి వస్తుంది. అది వచ్చేదాకా దీన్ని లోపంగా రాయలేదు, అనుమానంగానే రాశాం. పాత క్యాన్ల ఐసు మాత్రం ఇప్పుడే ఆపమంటున్నాం.

మొత్తం 420 క్యాన్లలో నిరుడు మార్చినవి 90, వాటి మీద నీలం గుర్తుంది. గడ్డకు 50 కిలోల చొప్పున రోజుకు నాలుగున్నర టన్నులు. మన అవసరం 11 టన్నులు. మిగతాది ఇంకో చోట ఎక్కువ రేటుకు కొనక తప్పదు.

అమ్మోనియా గది

ఇక్కడ బేరాలు వద్దు.

గ్యాస్ మాస్కులు రెండున్నాయి, కానీ యజమాని ఆఫీసు బీరువాలో, తాళం వేసి. రాత్రి ఆ తాళం ఎవరి దగ్గరా లేదు. కంప్రెసర్ గదికి రెండో తలుపు ఉంది, దానికి అడ్డంగా ఉప్పు బస్తాలు పేర్చారు. రిసీవర్ పరీక్ష పత్రంలో రాసిన తర్వాతి పరీక్ష తేదీ దాటి ఐదు నెలలైంది. ఈ మూడూ తక్షణ లోపాలు.

గ్యాస్ లీకైతే ఏం చేస్తావని నైట్ ఆపరేటర్‌ను అడిగితే "తువ్వాలు తడిపి మూతికి కట్టుకుని వాల్వు తిప్పేస్తా సార్" అన్నాడు. నవ్వుకునే మాట కాదు. అమ్మోనియా నీళ్ళలో బాగా కరుగుతుంది, తడి గుడ్డ ఒకటి రెండు నిమిషాలు కాపాడవచ్చు. కానీ కళ్ళను ఏ తువ్వాలూ కాపాడదు, కళ్ళు కడుక్కునే కుళాయి కూడా ఆ దగ్గర్లో లేదు. పైగా పనివాళ్ళ కుటుంబాలుండే గదులు ప్లాంటుకు పడమరన 40 మీటర్ల దూరంలోనే ఉన్నాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే గ్యాస్ నేరుగా అటే వెళ్తుంది. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం కూడా పెట్టలేదు.

పనివాళ్ళు

హాజరు పట్టీలో తొమ్మిది మంది. ఆ రాత్రి మేం లెక్కపెట్టింది 14 మందిని. పది మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది, పట్టీ తొమ్మిది దగ్గర ఎందుకు ఆగిందో వేరే చెప్పనక్కర్లేదు. మిగతా ఐదుగురు ఒడిశా నుంచి మేస్త్రీ ద్వారా వచ్చారు, జీతం మేస్త్రీ చేతికే అందుతోంది. ఒక అబ్బాయి తన వయసు 17 అన్నాడు, కార్డు చూపలేదు. మన సరఫరాదారుల నియమావళి ప్రకారం 18 లోపు వారు రాత్రి షిఫ్టులో ఉండకూడదు. అతన్ని ఆ రాత్రే పని మానిపించమని అడగలేదు. పూట కూలి పోతే అతనికే నష్టం. పగటి షిఫ్టుకు మార్చి, వయసు ధ్రువీకరించి, ఈ నెల జీతం తగ్గకుండా చూడమని యజమానికి రాతపూర్వకంగా ఇచ్చాం. పనివాళ్ళతో మాట్లాడిన వివరాలు ఈ నివేదికలో లేవు, సరఫరాదారుకు ఇచ్చే ప్రతిలో ఆపరేటర్ల మాటలు కూడా తీసేయాలి.

మిగతావి

ఫుడ్ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, బోరు రిజిస్ట్రేషన్ గడువులోనే ఉన్నాయి. పది గడ్డలు తూచితే సగటు 47 కిలోలు, బిల్లు మాత్రం 50కి. చిన్న లోపమే, కొనుగోళ్ళ విభాగం మాట్లాడుకోవాలి. ఆర్ఓ నిర్వహణ బాగుంది, మెంబ్రేన్ మార్చిన తేదీలు, బిల్లులు సరిపోయాయి. లారీ టార్పాలిన్లు శుభ్రంగా ఉన్నాయి.

సరఫరాదారు స్పందన

ముగింపు సమావేశంలో యజమాని మొదట "బోట్లకిదే ఐసు సార్, ఎవురూ ఏమీ అనలా" అన్నారు. తొట్టి శాంపిల్ సీసా బల్ల మీద పెట్టాక కాసేపు మాట్లాడలేదు. రెండో తొట్టి కట్టిస్తానని, మాస్కులు అదే రోజు గది బయట తగిలిస్తానని ఒప్పుకున్నారు. 20న పంపిన ఫోటోలో మాస్కులు తగిలించి ఉన్నాయి, ఉప్పు బస్తాలు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాయి. లాగ్‌బుక్ ముందే నింపిన విషయాన్ని ఆయన ఒప్పుకోలేదు, ఆ అభ్యంతరాన్ని అలాగే నమోదు చేశాం.

గడువులు

జూన్ 24: పొడి ఐసు, పాత క్యాన్ల ఐసు నిలిపివేత. బాధ్యత కొనుగోళ్ళ విభాగానిది. మన రెండు చిన్న క్రషర్లను కడిగి చెరువుల దగ్గరికి పంపాలి.
జూన్ 30: రెండో తలుపు ఖాళీ చేయడం, మాస్కులు, రిసీవర్ పరీక్ష. పత్రం చూస్తేనే ముగిసినట్టు, ఫోటో చాలదు.
జూలై 15: మన లోడుకు వేరే క్రషర్, రెండో తొట్టి, ఈఎస్ఐ నమోదు, జీతాలు నేరుగా బ్యాంకు ఖాతాల్లోకి.
ఆగస్టు 31: మిగిలిన 330 క్యాన్లకు లీకు పరీక్ష, కారేవి తీసేయడం.

జూలై 15 తర్వాత ఏదో ఒక రాత్రి మళ్ళీ వెళ్తాం. ఆ తేదీ క్వాలిటీ విభాగంలో ఇద్దరికే తెలుస్తుంది. క్రోమియం ఫలితం పరిమితి దాటితే దానికోసం ఆగం, అదే రోజు మొత్తం సరఫరా ఆపి, మే నుంచి ఈ ఐసు వాడిన లాట్ల జాబితా ప్లాంట్ మేనేజర్‌కు ఇస్తాం.