రెండో త్రైమాసిక ఫలితాలు: సీఎఫ్ఓ తొలి మాటలు

అందరికీ నమస్కారం, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను. పన్నుకు ముందు లాభం 42 కోట్లు వస్తుందని మీకు చెప్పాం. వచ్చింది 29 కోట్లు. ఆ 13 కోట్లు ఎక్కడ పోయాయో చెబుతాను.

7 కోట్లు సరుకు విలువ తగ్గింపు. తేజ రకం మిర్చి 20,000 క్వింటాళ్లు సగటున 19,000 చొప్పున కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. త్రైమాసికం చివరికి అమ్మకపు ధర, ఖర్చులు పోను, 15,500కు దిగింది. ధర పెరుగుతుందని మేమే ఎక్కువ కొన్నాం. మార్కెట్‌ది కాదు, తప్పు మాది.

4 కోట్లు యూరప్ నుంచి తిరిగొచ్చిన 10 కంటైనర్ల నష్టం. బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్. అక్కడ మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి 10 పీపీబీ, అంటే వంద కోట్ల భాగాల్లో 10. మా సరుకు దాటింది. శాంపిల్ టిక్కీ బస్తా మూతి దగ్గరే తీశారు, తేమ అడుగున ఉంది. బూజు అక్కడే పట్టింది. ఇప్పుడు పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల తీస్తున్నాం. తేమ 11 శాతం దాటితే లోడింగ్ ఆపేస్తున్నాం. రైతులు కష్టపడి పండించిన సరుకు మా చేతుల్లో చెడిపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

మిగిలిన 2 కోట్లు వడ్డీ, స్టోరేజీ అద్దె.

విలువ తగ్గింపు వల్ల ఈ త్రైమాసికంలో నగదు బయటికి పోలేదు. కానీ ఆ సరుకులో 8,000 క్వింటాళ్లు ఇంకా ఉన్నాయి. క్వింటాకు మరో 500 తగ్గితే 40 లక్షలు పోతాయి. అందుకే పాత వార్షిక అంచనాను వెనక్కి తీసుకుంటున్నాం. ఆ సరుకు అమ్ముడయ్యాకే కొత్త అంచనా ఇస్తాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.