నాన్నా, ఆ సంతకం నాది

నాన్నా,

వెంటిలేటర్ వద్దని చెప్పింది నేనే. ముందు ఈ ఒక్క ముక్క చెప్పేస్తే మిగతావి రాయగలనేమో అనిపించి దీంతోనే మొదలుపెడుతున్నా. అన్నయ్య అప్పటికి ఫ్లైట్‌లో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. అమ్మేమో బయట కుర్చీలో కూర్చుని "నువ్వే చూడవే, నాకేం అర్థం కావట్లేదు" అంటోంది. ఫారం మీద సంతకం నాది. ఈ మాట నీకు ఇంకెవరో చెప్పడం నాకిష్టం లేదు, అందుకే నేనే చెప్తున్నా.

డాక్టర్ బాగానే చెప్పాడు, తొందరపెట్టలేదు. న్యుమోనియా లాంటిదైతే మందులు పనిచేసేదాకా మెషిన్ మీద పెట్టి తర్వాత మెల్లగా తీసేయొచ్చు, కానీ ఈయనకి ఊపిరితిత్తులే గట్టిపడిపోయాయి, మెషిన్ గాలి కొట్టినా అవి సాగవు, ఈ జబ్బు ఇంత ముదిరాక ట్యూబ్ వేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ దాన్నించి బయటపడరు అన్నాడు. ఊపిరితిత్తులు మార్చడం కుదరదా అని అడిగా. కుదరదన్నాడు. ఇంకోసారి అడిగా. మళ్ళీ అదే చెప్పాడు, విసుక్కోకుండా. ఆ తర్వాత అడిగాడు చూడు, "ఇలాంటి పరిస్థితి వస్తే తనకేం కావాలో మీ నాన్నగారు ఎప్పుడైనా చెప్పారామ్మా?" అని.

నాన్నా, నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నాకు తెలిసినంతవరకు నీకున్నది డస్ట్ ఎలర్జీ.

నువ్వు పోయాక బీరువాలో పాత బిల్లుల కింద ఆ ఫైలు దొరికింది. స్కాన్ రిపోర్ట్ మీద తేదీ చూసి అక్కడే నేల మీద కూలబడ్డా. ఏడాది దాటిపోయింది దానికి. పల్మనరీ ఫైబ్రోసిస్ అని స్పష్టంగా రాసుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం తేనెపట్టులా అయిపోయిందని ఉంది. అంటే ఏడాది పైనుంచి నీకు తెలుసు, అమ్మకి తెలుసు, ఆ మందుల షాపు కుర్రాడికి కూడా తెలుసు, నాకు తెలీదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. ఎండలోకి రమ్మంటే "వయసైంది, ఎండ పడట్లేదే" అని ఫుల్ చేతుల చొక్కా వేసుకుని నీడలో నిలబడేవాడివి. అది వయసు కాదు, నువ్వు వాడే మాత్రల వల్ల చర్మానికి ఎండ పడదు. ఆకలి లేదనేవాడివి, అదీ ఆ మాత్రలదే. వీడియో కాల్ నేను చేస్తే ఎత్తేవాడివి కాదు, కాసేపయ్యాక నువ్వే చేసేవాడివి, అప్పటికే కుర్చీలో సర్దుక్కూర్చుని, ఎందుకంటే నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుందని నాకు కనపడకూడదు. రెండు మాటలయ్యాక "ఇదిగో అమ్మ మాట్లాడుతుందట" అని ఫోన్ ఇచ్చేసేవాడివి. అమ్మకి ఆ టైంలో నాతో మాట్లాడాలని ఏమీ లేదు, నీకు దగ్గొస్తోంది అంతే. నీ వేళ్ళ చివర్లు గుండ్రంగా ఉబ్బాయేంటి నాన్నా అని చెయ్యి పట్టుకుని అడిగా కూడా ఒకసారి, నీకు గుర్తుందా? "ఇన్నేళ్ళు స్క్రూడ్రైవర్ తిప్పినోడి వేళ్ళు ఇలాగే ఉంటాయ్" అని నవ్వావు, నేనూ నవ్వాను. ఊపిరితిత్తుల జబ్బుల్లో వేళ్ళు అలా అవుతాయని తర్వాత చదివి తెలుసుకున్నా.

నాకు కోపం వచ్చింది నాన్నా. ఇంకా ఉంది. చనిపోయినవాళ్ళ మీద కోపం ఏంటని అందరూ అంటారు, ఏడవొచ్చు కానీ కోపం తెచ్చుకోకూడదంట. నాకు మాత్రం చాలా రోజులు ఏడుపు కంటే కోపమే ముందొచ్చింది.

ఎందుకంటే నువ్వు అలాంటి మనిషివి కాదు. షాపులో నీ పక్కన స్టూల్ మీద కూర్చుని పెరిగినదాన్ని నేను. ఎవరైనా టీవీ తెస్తే వెనక మూత తీసి వాళ్ళనే పిలిచి చూపించేవాడివి, "ఇదిగో సార్ ఈ కెపాసిటర్ ఉబ్బింది, ఇది మారిస్తే చాలు" అని. బాగుపడనిదైతే అదీ అంతే సూటిగా చెప్పేవాడివి, "దీనికి డబ్బులు పెట్టకండమ్మా, పిక్చర్ ట్యూబే పోయింది, నేను చేసినా నెల కూడా ఆడదు" అని. ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, వాళ్ళాయన కొన్న టీవీ అని. అయినా నువ్వు అబద్ధం చెప్పలేదు, ఆవిడకి నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, ఎందుకు కాదో ఓపిగ్గా వివరించావు. ముక్కూ మొహం తెలీని వాళ్ళకి పాత టీవీ గురించి ఇంత నిజం చెప్పినవాడివి, నీ గురించి నాకెందుకు చెప్పలేదు? నేను తట్టుకోలేనని నువ్వే ఎలా అనుకున్నావు?

అమ్మని అడిగితే "నీ డెలివరీ అయ్యేదాకా ఆగుదామన్నారే, తర్వాత పాప చిన్నది అన్నారు, తర్వాత నీకు ఉద్యోగం మారింది అన్నారు" అంది. ప్రతిదానికీ ఒక కారణం పెట్టుకున్నావు. నీ ఉద్దేశం నాకు అర్థమవుతుంది నాన్నా, నిజంగా. పాప పుట్టిన ఏడాదంతా నేను సంతోషంగా ఉన్నానంటే అది నువ్విచ్చిందే, దగ్గు దిగమింగి మరీ ఇచ్చావు. అది తెలిశాక కోపం పోవాలి కదా, పోలేదు. రెండూ ఉన్నాయి లోపల. ఆ ఏడాదిలో నేను నీ దగ్గరికి ఇంకా ఎక్కువ వచ్చేదాన్ని. పక్కన కూర్చునేదాన్ని. అన్నిటికంటే ముఖ్యంగా, నీకేం కావాలో అడిగేదాన్ని. నువ్వు వేయించమంటే వేయించేదాన్ని, వద్దంటే వద్దనేదాన్ని, ఏదైనా అది నీ మాట అయ్యేది. ఇప్పుడు అది నా మాట అయిపోయింది.

ఆ రాత్రి సంగతి కూడా చెప్పాలి. నీ మొహానికి ఆ బిగుతు మాస్క్ పెట్టారు, గాలి గట్టిగా కొడుతూ ఉంటుంది, మాట్లాడ్డానికి లేదు. నేను లోపలికి వచ్చినప్పుడు కళ్ళు తెరిచావు. చెయ్యి పైకెత్తి అటూ ఇటూ ఊపావు, మెల్లగా, రెండుసార్లు. దాని గురించి నేను ఎంత ఆలోచించానో నీకు తెలీదు. వద్దు అన్నావా? మాస్క్ తీసెయ్యమన్నావా? నువ్వెళ్ళు, పాప ఒక్కతే ఉంటుంది అన్నావా? నీళ్ళేమైనా కావాలా అని అడిగితే మళ్ళీ అలాగే ఊపావు. బయటికొచ్చి సంతకం పెట్టేటప్పుడు నా కళ్ళముందు ఉన్నది ఆ చెయ్యే. నేను దాన్ని "వద్దు" అనుకున్నా. ఇప్పటికీ అదే అనుకుంటున్నా.

ఒకటి మాత్రం నీకు తెలియాలి, వదిలేయమని నేను చెప్పలేదు. వెంటిలేటర్ వద్దు, ఆయనకి ఊపిరాడట్లేదన్న బాధ లేకుండా ఏం చెయ్యగలరో అదంతా చెయ్యండి అన్నాను. మార్ఫిన్ కొంచెం కొంచెంగా ఇచ్చారు, దానివల్ల ఆయాసపడుతున్నామన్న ఆ భయం తగ్గుతుందట. నిజంగానే తగ్గింది, నీ నుదుటి మీద ముడత పోయింది, ఆ ముడత పోవడం నేను చూశా. తర్వాత మాస్క్ తీసి ముక్కు దగ్గర సన్నటి ట్యూబులు పెట్టారు. ఎన్ని రోజుల తర్వాతో నీ మొహం మొత్తం కనపడింది.

నర్సు ఒకావిడ, పెద్దావిడే, "మాట్లాడమ్మా, వాళ్ళు పలక్కపోయినా చెవికి వినపడొచ్చు" అంది. నేనేం మాట్లాడానో విన్నావా? స్కూటర్ బ్యాటరీ మార్పించానని, అన్నయ్య వచ్చేస్తున్నాడని, షాపు తాళం నా దగ్గరే ఉందని చెప్పా. మనిద్దరం ఎప్పుడూ మాట్లాడుకున్నది అలాంటివే కదా, నోటికి అవే వచ్చాయి. ఎడం బొటనవేలి మీద సోల్డరింగ్ ఐరన్ కాలిన మచ్చ ఉంటుందే, దాన్నే రుద్దుతూ కూర్చున్నా. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ పెరుగుతూ వచ్చింది. అన్నయ్య వచ్చేసరికి నువ్వున్నావు నాన్నా, వాడు నీ కాళ్ళు పట్టుకున్నాడు, తెల్లారేదాకా ఉన్నావు.

అప్పుడు చెప్పాల్సినవి ఇప్పుడు చెప్తున్నా.

స్కూల్ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర బిజినెస్ అని రాయమన్నావు గుర్తుందా, నేను టీవీ మెకానిక్ అనే రాశా. ప్రతి ఏడాదీ అదే రాశా, నీకు చెప్పలేదు. నలుపు సున్నా, బ్రౌన్ ఒకటి, ఎరుపు రెండు అని రెసిస్టర్ రంగులు నాకు ఎక్కాల కంటే ముందొచ్చాయి, క్లాసులో అది నా గొప్ప. ఆడపిల్లకి ఆ పనులేంటని ఎవరెవరో అంటుంటే నువ్వు వాళ్ళతో వాదించకుండా నా చేతికి ఐరన్ ఇచ్చి "ముందు జాయింట్ వేడెక్కనీ, అప్పుడు లెడ్ పెట్టు" అన్నావు. ఎవరేమన్నా పట్టించుకోకుండా పని చేసుకోవడం నాకు అక్కడే వచ్చింది. దానికి నీకు థ్యాంక్స్ ఎప్పుడూ చెప్పలేదు, మనింట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. థ్యాంక్స్ నాన్నా. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇది కూడా చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు, నీకు తెలుసులే అనుకున్నా, తెలిసే ఉంటుంది, అయినా చెప్తున్నా.

ఇక్కడి సంగతులు. అమ్మ నా దగ్గరే ఉంది, నిద్ర సరిగ్గా పట్టట్లేదు కానీ మనిషి తిరుగుతోంది. నీ జబ్బు సంగతి దాచినందుకు నేనేమంటానో అని మొదట్లో నా మొహం చూసేది కాదు. నేనేం అనలేదు, నీ మాట జవదాటలేక ఒక్కతే ఏడాదంతా మోసింది పాపం, దాన్నేమంటాను. అన్నయ్య తిరిగి వెళ్ళేముందు సంతకం గురించి నోరు తెరిచి అడిగాడు, నేనున్నా అదే చేసేవాణ్ణి అన్నాడు. ఆ మాట నాకు చాలా అవసరమైంది.

ఇంకోటి. నాకే అలాంటి పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో, ఏం వద్దో కాగితం మీద రాసి మీ అల్లుడికి ఇచ్చా. శుభమా అని ఇప్పుడెందుకే ఇవన్నీ అని నువ్వుంటే కేకలేసేవాడివి. అయినా రాశా. పాప పెద్దదయ్యాక దానికీ చెప్తా, ఏదీ దాచను.

కోపం సంగతి మళ్ళీ రాస్తాను, ఒక్క ఉత్తరంతో అయ్యేది కాదు. పాప లేచింది, పిలుస్తోంది.

నీ చిట్టి