ఐల్ రాయల్ తోడేళ్ల మనుగడ విశ్లేషణ: 1996–2011 లెక్కలతో

సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవికీ కెనడా ఒడ్డుకీ మధ్య దాదాపు 24 కిలోమీటర్ల నీరు. చలికాలంలో అది గడ్డకడితేనే తోడేలు దాటగలదు. 1940ల చివర్లో అలా నడిచివచ్చిన కొన్నిటి సంతతే ఇక్కడి గుంపులు. మూస్ అనే భారీ దుప్పి వాటి ప్రధాన ఆహారం. వేటగాళ్లు లేరు, పశువుల మందలు లేవు. ఏటా చలికాలంలో విమానం మీద నుంచి తోడేళ్లను లెక్కపెడతారు. చిన్న, ఒంటరి జనాభాకు ఉన్న ముప్పును అంచనా కట్టే పద్ధతిని పరీక్షించడానికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు. అందుకే ఒక షరతు పెట్టుకున్నాను. 2011లో కూర్చున్నట్టుగా లెక్క వేయాలి, తర్వాత జరిగింది చూడకూడదు.

పద్ధతి సాదాసీదాది. ఒక ఏటి సంఖ్యకూ మరుసటి ఏటి సంఖ్యకూ ఉన్న నిష్పత్తికి సంవర్గమానం తీసి, వాటి సగటు (`mu`), విస్తృతి (`s2`) కనుక్కోవడం. రెండు తోడేళ్లకు పడిపోతే అంతరించినట్టే లెక్క.

```r
N <- c(22,24,14,25,29,19,17,19,29,30,30,21,23,24,19,16)
r <- diff(log(N)); mu <- mean(r); s2 <- var(r)
d <- log(16/2)
G <- function(T) pnorm((-d-mu*T)/sqrt(s2*T)) +
  exp(-2*mu*d/s2) * pnorm((-d+mu*T)/sqrt(s2*T))
100 * sapply(c(5,10,20,50), G)
```

`mu` విలువ -0.021, `s2` విలువ 0.090 వచ్చాయి. అంతరించే అవకాశం 5 ఏళ్లలో 0.3 శాతం, 10 ఏళ్లలో సుమారు 4.5, 20 ఏళ్లలో 19, 50 ఏళ్లలో 50 శాతం.

ఇప్పుడు ఒక్కో పరామితినీ కదిపి చూద్దాం. విస్తృతిని పాతిక శాతం అటూ ఇటూ మార్చితే 50 ఏళ్ల ముప్పు 45, 54 శాతాల మధ్యే తిరుగుతుంది. అంతరించినట్టు లెక్కించే గీతను రెండు నుంచి ఐదు తోడేళ్లకు జరిపితే 74కు చేరుతుంది. సగటు వృద్ధి రేటు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. `mu` +0.1 అయితే ముప్పు 1 శాతం, -0.1 అయితే 96 శాతం! ఇరవై తోడేళ్ల గుంపులో ఈ 0.1 అంటే ఏడాదికి రెండు తోడేళ్లు ఎక్కువో తక్కువో, అంతే. పైగా పదిహేను మార్పుల నుంచి తీసిన సగటు కాబట్టి, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది అది -0.19, +0.14 మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. కాబట్టి ఆ 50 శాతాన్ని ఎవరైనా నివేదిక ముఖచిత్రం మీద వేస్తే నేను ఒప్పుకోను.

ఇక కాగితం తిప్పి చూస్తే, 2012లో 9, 2013లో 8, 2014లో 9, 2015లో 3, 2016లో 2. మోడల్ వెయ్యికి మూడు వంతులే ఇచ్చినది సరిగ్గా ఐదేళ్లలో జరిగింది. `mu`కు అతి నిరాశాజనకమైన విలువ (-0.19) ఇచ్చినా 7 శాతం మించి వచ్చేది కాదు.

తప్పు కూడికల్లో లేదు. నేను ఎంచుకున్న కాలంలోనే 1997లో ఒక మగ తోడేలు మంచు దాటి వచ్చింది. దాని సంతతి ఎంతగా పెరిగిందంటే, కొన్నేళ్లకు దీవిలోని జన్యువుల్లో సగానికి పైగా దానివే. కొత్త రక్తం తెచ్చిన ఆ మేలు నా `mu`లో నిశ్శబ్దంగా కలిసిపోయింది. అది తరిగిపోతోందని మాత్రం తలల లెక్క చెప్పదు. మన ఊళ్లలో మేనరికాల గురించి పెద్దవాళ్లు పడే భయం ఇక్కడ ఎముకల్లో కనిపించింది. ఈ దీవి తోడేళ్ల వెన్నుపూసల్లో పుట్టుకతో వచ్చే లోపాలు ప్రధాన భూభాగపు తోడేళ్లలో కన్నా చాలా ఎక్కువ. 2016లో మిగిలిన రెండూ తండ్రీకూతుళ్లు, ఒకే తల్లికి పుట్టినవి కూడా.

దురదృష్టమూ తోడైంది. పాత గని గుంతలో నీళ్లలో పడి మూడు తోడేళ్లు చనిపోయాయి. వందల్లో మూడు పోతే పట్టించుకోం. పదహారులో పోతే ఒక గుంపే చెదిరిపోతుంది. ఇంతకుముందు 1980లో 50 ఉన్నవి పార్వో వైరస్ సోకి 1982కల్లా 14కు పడిపోయాయి. అలాంటి విపత్తు నా పదహారేళ్లలో లేదు కనుక మోడల్‌కు దాని ఊసే తెలియదు.

2018, 2019లలో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదిలారు. వాటికి ఈ పాత `mu` వాడను. తదుపరి విశ్లేషణకు నేను అడిగేవి వేరు: ఏటా పిల్లల్ని కనే గుంపులెన్ని, పిల్లల్లో ఏడాది దాటేవెన్ని, జంటల మధ్య చుట్టరికమెంత. వీటికి తోడు పార్వో తరహా విపత్తును విడిగా చేర్చాలి. మంచు వంతెన ఇదివరకటంత తరచుగా పడటం లేదు కాబట్టి వలసను సున్నా అని ఒకసారి, పదేళ్లకు ఒక తోడేలు అని మరోసారి పెట్టి, రెండు ఫలితాలనూ పక్కపక్కనే ఇవ్వాలి.