3.5 గణాంక విశ్లేషణ: చెరువును యాదృచ్ఛిక ప్రభావంగా తీసుకున్న మిశ్రమ ప్రభావాల మోడల్

ముందుగా ఒక మాట. గణాంక శాస్త్రంలో ‘నమూనా’ అనే పదాన్ని మోడల్‌కూ, సేకరించిన శాంపిల్‌కూ కూడా వాడుతున్నారు. గందరగోళం లేకుండా ఈ అధ్యాయంలో ‘నమూనా’ అంటే సంచిలో వేసిన మట్టి మాత్రమే. సమీకరణాన్ని ‘మోడల్’ అనే అంటాను.

3.5.1 దత్తాంశపు కట్టుబడి

మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. ఆ పథకంలో పూడిక తీసిన చెరువుల నుంచి పూర్వపు వరంగల్ జిల్లాలోని నాలుగు మండలాల్లో 16 చెరువులను ఈ అధ్యయనానికి తీసుకున్నాను. ప్రతి చెరువు కింద ఎనిమిది చెలకలు ఎంచుకున్నాను. నాలుగింటిలో ఆ చెరువు మట్టే తోలారు, మిగతా నాలుగింటిలో ఏ చెరువు మట్టీ తోలలేదు. ప్రతి చెలకలో మూడు చోట్ల, పై 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, మూడింటినీ కలపకుండా విడివిడిగా వాక్లీ-బ్లాక్ పద్ధతిలో సేంద్రియ కర్బనం కొలిచాను. లెక్క ప్రకారం 128 చెలకలు, 384 నమూనాలు రావాలి. మట్టి తోలని చెలకగా రాసుకున్న ఒకదానిలో అంతకుముందు ఏడాదే రెండు ట్రాక్టర్ల మట్టి పడిందని రైతు తర్వాత చెప్పడంతో దాన్ని తొలగించాను. మరో నాలుగు సంచులు అకాల వర్షానికి తడిసి పనికిరాకుండా పోయాయి. మిగిలినవి 127 చెలకలు, 377 నమూనాలు.

377 అనే అంకె చూడడానికి పెద్దదే. కానీ ఈ నమూనాలు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. ఒకే చెలకలోని మూడు నమూనాలు అన్నదమ్ముల వంటివి: ఒకే రైతు, ఒకే పంట, ఒకే ఎరువు. ఒకే చెరువు కింది ఎనిమిది చెలకలూ ఒకే పరీవాహక ప్రాంతపు రాయి, వాన, పూడిక పంచుకున్నవి. క్షేత్ర పర్యటనలో దాదాపు ప్రతి ఊళ్లోనూ రైతులు “మా చెరువు మట్టి సత్తువే వేరు” అన్నారు. ఈ విభాగంలోని సమీకరణం ఆ మాటను లెక్కలోకి తెచ్చే ప్రయత్నం.

3.5.2 మామూలు రిగ్రెషన్ ఎందుకు సరిపోదు

మొదట మామూలు రిగ్రెషన్‌తోనే లెక్క వేశాను. అందులో 377 నమూనాలనూ స్వతంత్రమైనవిగా భావించాలి. అలా భావిస్తే ఏ ప్రశ్నకు ఎంత నష్టమో విడదీసి చూడాలి, ఎందుకంటే నష్టం అన్ని చోట్లా ఒకే దిశలో ఉండదు.

చెరువు స్థాయి ప్రశ్నలకు, ఉదాహరణకు ఆయకట్టు పెద్దదైతే కర్బనం ఎక్కువా అన్నదానికి, నష్టం నేరుగా కనిపిస్తుంది. ఒకే చెరువు కింది ఏ రెండు నమూనాల మధ్య అయినా సహసంబంధం 0.3 అనుకుందాం. ఇది వివరణ కోసం తీసుకున్న అంకె, ఫలితం కాదు. చెరువుకు 24 నమూనాలైతే విస్తృతి 1 + 23 × 0.3 = 7.9 రెట్లు పెరుగుతుంది. అంటే 377 నమూనాలు సుమారు 48 స్వతంత్ర నమూనాలంత సమాచారమే ఇస్తాయి. దాన్ని పట్టించుకోకపోతే ప్రామాణిక దోషం నిజమైనదానిలో దాదాపు మూడో వంతుకు కుదించుకుపోతుంది.

పూడిక ప్రభావం విషయం అంత సూటిగా లేదు. మట్టి తోలినవీ, తోలనివీ ప్రతి చెరువు కిందా ఉన్నాయి కాబట్టి పోలిక చెరువు లోపలే జరుగుతుంది. చెరువుల మధ్య సగటు తేడాలను మోడల్‌లో పెట్టకపోతే అవి అవశేషంలో కలిసిపోయి ఈ పోలికను మసకబారుస్తాయి. అంటే ఇక్కడ దోషాన్ని ఎక్కువగా అంచనా వేసే అవకాశమూ ఉంది. మరోవైపు ఒకే చెలకలోని మూడు నమూనాలను మూడు సాక్ష్యాలుగా లెక్కించడం వల్ల దోషం తగ్గినట్టు కనిపిస్తుంది. జీవావరణ శాస్త్రంలో దీన్నే నకిలీ పునరావృత్తి అంటారు. 1984లో హర్ల్‌బర్ట్ హెచ్చరించింది దీని గురించే. పూడిక ఇచ్చే ఫలితం చెరువుకూ చెరువుకూ మారుతుంటే ఆ మార్పును వదిలేయడం కూడా దోషాన్ని తగ్గించి చూపుతుంది. ఈ మూడూ కలిసి చివరికి ఎటు మొగ్గుతాయో ముందుగా ఊహించి చెప్పలేం. అందువల్ల మూడింటికీ మోడల్‌లో చోటు కల్పించాను.

3.5.3 చెరువు స్థిర ప్రభావం ఎందుకు కాదు

చెరువుకొక సూచిక చలరాశి పెట్టి, 15 గుణకాలు అంచనా వేసే దారి ఉంది. పూడిక ప్రభావం ఒక్కటే తెలుసుకోవాలంటే అది తప్పు దారేమీ కాదు. దాన్ని కాదనుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, చెరువు సూచికలు పెట్టాక ఆయకట్టు వంటి చెరువు స్థాయి చలరాశికి చోటుండదు. అందులోని సమాచారమంతా సూచికలే మింగేస్తాయి. రెండు, నా ప్రశ్న ఈ 16 చెరువుల గురించి మాత్రమే కాదు. ఈ నాలుగు మండలాల్లో ఇలాంటి మరో చెరువు పూడిక తోలితే ఏం ఆశించవచ్చు అన్నది ప్రశ్న. చెరువుల ప్రభావాలను ఒకే విభాజనం నుంచి వచ్చిన విలువలుగా భావించినప్పుడే ఆ విభాజనపు వెడల్పు అంచనాకు వస్తుంది, చూడని చెరువు గురించి మాట్లాడే వీలు కలుగుతుంది.

మండలాన్ని మాత్రం యాదృచ్ఛిక ప్రభావంగా పెట్టలేదు. నాలుగు విలువల నుంచి విస్తృతిని అంచనా వేయడం నలుగురిని చూసి ఊరందరి ఎత్తుల తేడా చెప్పడం లాంటిది. మండలాన్ని స్థిర ప్రభావంగా చేర్చి విడిగా ఒకసారి సరిచూస్తాను.

3.5.4 మోడల్

```
log(y_ijk) = β0 + β1·S_ij + β2·F_ij + β3·F̄_i + β4·C_ij + β5·A_i
             + u0_i + u1_i·S_ij + v_ij + e_ijk
```

ఇక్కడ y అంటే i చెరువు కింద j చెలకలోని k నమూనాలో సేంద్రియ కర్బనం శాతం. S పూడిక మట్టి (తోలితే 1, లేకుంటే 0). F గత మూడేళ్లలో పశువుల ఎరువు వేశారా లేదా. C పంట (పత్తి 0, మొక్కజొన్న 1). A ఆయకట్టు ఎకరాల లాగరిథమ్. కర్బనం విలువలు కుడివైపుకు సాగి ఉండడంతో లాగరిథమ్ తీసుకున్నాను. అందువల్ల గుణకాలను శాతాల్లో చదవాలి. β1 విలువ 0.18 వస్తే, సగటు చెరువు కింద పూడిక తోలిన చెలకలో కర్బనం సుమారు 20 శాతం ఎక్కువని అర్థం.

u0 అన్నది ఆ చెరువు కింది నేలలు మొత్తం సగటు కన్నా ఎంత పైన లేదా కింద మొదలవుతాయో చెబుతుంది. u1 ఆ చెరువు పూడిక ఇచ్చే ఫలితం సగటు ఫలితానికి ఎంత దూరంలో ఉందో చెబుతుంది. రైతులు చెప్పిన ‘సత్తువ’ ఇదే. ఈ రెండింటి మధ్య సహసంబంధాన్ని కూడా అంచనా వేస్తాను. బలహీనమైన నేలకు పూడిక ఎక్కువ మేలు చేస్తే అది రుణాత్మకంగా రావాలి. v చెలకకు సంబంధించినది, e మిగిలిన అవశేషం. u0, u1 జంటగా, v, e విడివిడిగా సామాన్య విభాజనం నుంచి వచ్చినవని మోడల్ భావిస్తుంది.

F̄ ఆ చెరువు కింద పశువుల ఎరువు వేసిన చెలకల నిష్పత్తి. యాదృచ్ఛిక ప్రభావాలకు స్థిర చలరాశులతో సంబంధం ఉండరాదన్నది ఈ పద్ధతిలో తేలిగ్గా మరిచిపోయే షరతు. పశుసంపద ఉన్న ఊళ్లలో ఎరువూ ఎక్కువే, నేలలోని కర్బనమూ మొదటి నుంచీ ఎక్కువే కావచ్చు. ముండ్లక్ 1978లో సూచించినట్టు సగటును విడిగా చేర్చితే β2 చెరువు లోపలి తేడాను మాత్రమే కొలుస్తుంది. పూడికకు ఇది అవసరం కాలేదు. ఒక చెరువు తప్ప అన్నిచోట్లా నాలుగుకు నాలుగు చెలకలున్నాయి.

నేలలోని బంకమట్టి శాతాన్ని కూడా కొలిచినా, దాన్ని మోడల్‌లో చేర్చలేదు. పూడిక మేలు చేసే దారుల్లో బంకమట్టి పెరగడం ఒకటి. దాన్ని స్థిరంగా ఉంచి పూడిక ప్రభావం అడిగితే మనం కొలవాలనుకున్నదాన్నే తుడిచేసినట్టవుతుంది.

3.5.5 అంచనా, పరీక్ష

విశ్లేషణ R భాషలో lme4 ప్యాకేజీతో చేశాను.

```r
m1 <- lmer(log(oc) ~ silt + fym + fym_mean + crop + log_ayacut +
             (1 + silt | tank) + (1 | tank:field),
           data = mannu, REML = TRUE)
```

చెలకలకు ప్రతి చెరువు కిందా 1 నుంచి 8 వరకే సంఖ్యలు ఇచ్చాను కాబట్టి `tank:field` అని రాయడం తప్పనిసరి. `(1 | field)` అని రాస్తే పదహారు చెరువుల కింది మూడో నంబరు చెలకలన్నీ ఒకటేనని కంప్యూటర్ అనుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. తొలి ప్రయత్నంలో ఈ పొరపాటు నేనూ చేశాను. సారాంశంలో 127కు బదులు 8 సమూహాలు కనిపించినప్పుడే అది బయటపడింది.

విస్తృతులను REML పద్ధతిలో అంచనా వేశాను. స్థిర ప్రభావాలు వేరుగా ఉన్న రెండు మోడళ్లను పోల్చాల్సినచోట మాత్రం ML వాడాను, ఎందుకంటే అప్పుడు REML విలువలను పోల్చకూడదు. స్థిర ప్రభావాల పరీక్షలకు కెన్వార్డ్-రోజర్ సవరణ తీసుకున్నాను. ఈ సవరణతో పూడిక ప్రభావపు స్వాతంత్ర్య పరిమాణాలు 15కు దగ్గరగా ఉండాలి. 370 ప్రాంతంలో వస్తే మోడల్ రాయడంలోనే తప్పుందని భావించి వెనక్కి వెళ్తాను. పూడిక వాలు చెరువును బట్టి మారుతుందా అన్న పరీక్షలో విస్తృతి సున్నా కన్నా తగ్గలేదు, కనుక మామూలు కై-వర్గ పట్టిక ఇచ్చే p విలువ అవసరానికి మించి పెద్దదిగా ఉంటుంది. ఆ కారణంగా p విలువను ఒంటరిగా ఇవ్వకుండా u1 ప్రామాణిక విచలనాన్నీ, దాని బూట్‌స్ట్రాప్ విశ్వాస అంతరాన్నీ పక్కనే ఇస్తాను.

16 చెరువులతో రెండు విస్తృతులు, ఒక సహసంబంధం అంచనా వేయడం దత్తాంశాన్ని కొంత సాగదీయడమే. అంచనా సరిహద్దుకు చేరి `singular fit` సందేశం వస్తే మొదట సహసంబంధాన్ని తీసేసి `(1 + silt || tank)` తో మళ్లీ చేస్తాను. `silt` ను కారకంగా కాక 0, 1 సంఖ్యలుగా ఉంచింది ఇందుకే. కారకమైతే రెండు గీతలు పెట్టినా lme4లో సహసంబంధం పూర్తిగా పోదు. వాలును మాత్రం p విలువ పెద్దదిగా ఉందన్న ఒక్క కారణంతో తీసేయను.

ఒక్కో చెరువుకు వచ్చే అంచనాలు ఆ చెరువు సొంత సగటులు కావు. అవి మొత్తం సగటు వైపు కొంత లాగబడినవి. సమాచారం తక్కువగా ఉన్న చెరువు ఎక్కువగా లాగబడుతుంది. కాబట్టి వీటిని చెరువులకు వేసిన ర్యాంకులుగా చదవవద్దని మనవి.

3.5.6 ఈ మోడల్ చేయలేనిది

పథకంలో పూడిక తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది, చెలకకు తోలుకునే ఖర్చు రైతుది. ట్రాక్టర్ కిరాయి పెట్టుకోగలిగిన రైతు మిగతా పెట్టుబడీ పెట్టగలడు. ఎవరి చెలకకు మట్టి పడాలో నేను చీటీలు వేసి నిర్ణయించలేదు. చెరువును యాదృచ్ఛిక ప్రభావంగా పెట్టడం ఊళ్ల మధ్య తేడాలకు జవాబు చెబుతుంది గానీ, ఒకే ఊళ్లో ఇద్దరు రైతుల మధ్య తేడాకు చెప్పదు. అందువల్ల β1ను ‘పూడికతో ముడిపడిన తేడా’ అనే రాస్తాను, ‘పూడిక వల్ల వచ్చిన తేడా’ అని రాయను.

అవశేషాలను చెరువు వారీగా, పూడిక వారీగా గీసి చూస్తాను. u0, u1 సామాన్య విభాజనాన్ని అనుసరిస్తున్నాయా అన్నది 16 చుక్కల పటంలో గట్టిగా తేలదు. దానికి బదులు ఒక్కో చెరువునూ పూర్తిగా తీసేసి మోడల్‌ను పదహారుసార్లు మళ్లీ అంచనా వేస్తాను. ఏ ఒక్క చెరువు లేకపోవడం వల్ల β1 గుర్తు మారినా, విశ్వాస అంతరం సున్నాను దాటినా, అది ఏ చెరువో, దాని కింద నేను ఏం చూశానో నాలుగో అధ్యాయంలో రాస్తాను.