ఉద్యోగంలో లేని రెండేళ్ల గురించి వివరణ (2022 జులై – 2024 జులై)

సోషల్ వర్క్ పీజీ ప్రవేశాల కమిటీకి నమస్కారం.

నా దరఖాస్తులో 2022 జులై నుంచి 2024 జులై వరకు ఉద్యోగం వివరాలు లేవు. ఆ రెండేళ్లూ మా ఊళ్లోనే ఉన్నాను. నాన్నను డయాలసిస్‌కి తీసుకెళ్లడానికి విశాఖపట్నంలో చేస్తున్న ఉద్యోగం మానేశాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. మా వైపు ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నాన్న కొబ్బరి రైతు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు చెట్లు పోయాయి. ఆ అప్పు తీరకముందే ఆయన క్రియాటినిన్ పెరుగుతూ వచ్చి, 2022 మే నెలలో డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆటోలో సోంపేట వెళ్లి రావడం, ఇంటికొచ్చాక ఆయన నీరసం తగ్గేదాకా పక్కన ఉండటం కలుపుకుంటే రోజంతా దానికే పోయేది. అమ్మ మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కలేదు. తమ్ముడు అప్పటికి డిగ్రీ రెండో సంవత్సరం. నేనుంటానన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు.

అంతకుముందు మూడేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేశాను. మొదట నెలన్నర సెలవులు పెట్టుకుంటూ నెట్టుకొచ్చాను. వారంలో మూడు రోజులు రాలేని మనిషితో ఆ పని నడవదు. నేనే రాజీనామా ఇచ్చాను. రిలీవింగ్ లెటర్ జత చేశాను.

చిన్నప్పటి నుంచీ కొబ్బరి నీళ్లు తాగి పెరిగిన మనిషికి పొటాషియం పెరుగుతుందని ఆ నీళ్లే వద్దనాల్సి వచ్చింది. తాగే మంచినీళ్లు కూడా గ్లాసు కొలిచి ఇచ్చేదాన్ని. నాన్న ఒక్కరోజు కూడా నా మీద విసుక్కోలేదు. నేనే రెండుమూడుసార్లు విసుక్కున్నాను. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నాన్న మంచం మీద ఉన్న నాలుగు గంటలూ నాకు బయట బెంచీయే. బిల్లింగ్‌లో చేశానని తెలిసి, అక్కడికి వచ్చేవాళ్లు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. నెలకు 10,000 రూపాయల డయాలసిస్ పింఛన్ దరఖాస్తులు, ఆరోగ్యశ్రీ కాగితాలు, ఆధార్‌లో పేరు తప్పులు. ఎవరికి ఏం కావాలో, ఎంతవరకు వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అందులో 43 మంది ఉన్నారు. ఇది పరిశోధన అని నేను చెప్పుకోను.

జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె తరచూ డయాలసిస్ మానేసేది. చెప్పిన మాట వినదని అందరూ ఆమెను కోప్పడేవాళ్లు. కూర్చుని అడిగితే తెలిసింది: డయాలసిస్‌కి ఆమెది తెల్లవారుజామున మొదటి షిఫ్టు, ఆ వేళకి వాళ్ల ఊరి నుంచి బస్సు లేదు, ఆటోకి డబ్బుల్లేవు. సెంటరు పక్కనే ఉండే ఒక పెద్దాయనను అడిగి, సిస్టర్‌తో మాట్లాడి ఇద్దరి షిఫ్టులూ మార్పించాను. ఆ తర్వాత ఆమె రావడం మానలేదు. ఇంకొకాయన పింఛన్ రెండుసార్లు తిరస్కరించారు. మూడోసారి ఎవరిని కలవాలో నాకు తెలియలేదు. కొన్నాళ్లకు ఆయన రావడమే మానేశాడు. ఆయన పేరున్న పేజీలో ఆ తర్వాత నేను రాసిందేమీ లేదు. మీ కోర్సుకు దరఖాస్తు చేయడానికి మొదటి కారణం ఆ పేజీయే.

నాన్న 2024 ఫిబ్రవరిలో చనిపోయారు. జులై వరకు మిగిలిన ఐదు నెలలు నేను ఎవరికీ సేవ చేయలేదు, ఉద్యోగం వెతకలేదు, ఏ కోర్సూ చదవలేదు. పొద్దున లేస్తే సోంపేట వెళ్లే పని లేదు, ఏం చేయాలో తోచేది కాదు. ఆ నెలలను కూడా నాన్న ఖాతాలో కలిపి రాస్తే మీరు తేదీలు అడగకపోవచ్చు. కానీ నాన్న పేరు చెప్పి అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు.

2024 ఆగస్టు నుంచి ఇచ్ఛాపురంలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. యజమాని ఇచ్చిన ఉత్తరం జత చేశాను. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది, అమ్మ వాడి దగ్గరే ఉంటోంది. రెండేళ్లు ఊరు విడిచి చదువుకోవడానికి ఇప్పుడు ఇంట్లో ఇబ్బంది లేదు. ఫీజుకు, మొదటి సంవత్సరం హాస్టల్‌కు సరిపడా దాచుకున్నాను.

చదువుకు దూరమై చాలా కాలమైంది. మొదటి సెమిస్టర్‌లో గణాంకశాస్త్రం నాకు కష్టమవుతుందని తెలుసు. అందుకే ఈ ఏడాది జనవరి నుంచి రోజూ రాత్రి రెండు గంటలు డిగ్రీ పుస్తకాలతో మళ్లీ మొదలుపెట్టాను. మెడికల్ సోషల్ వర్క్ తీసుకుని, ఫీల్డ్‌వర్క్ ఏదైనా డయాలసిస్ సెంటరులో చేయాలని నా కోరిక.

నాన్న డయాలసిస్ రికార్డులు, మరణ ధ్రువపత్రం జత చేశాను. నోటుబుక్కులో వేరేవాళ్ల ఆరోగ్యం వివరాలున్నాయి కాబట్టి దాని కాపీ పంపలేదు. ఇంటర్వ్యూకు పిలిస్తే పేర్లు కనిపించకుండా కప్పి, వెంట తెస్తాను.

ఇట్లు,
దరఖాస్తుదారు