అక్కా, నా వస్తువులు తీసుకునే ముందు ఒక్క మాట అడుగు
అక్కా, ఆఫీస్‌కి వెళ్ళిపోయావు కదా, ఖాళీ దొరికినప్పుడు చదువు. ఎదురుగా చెబుదామనే అనుకున్నా, కానీ నీ ముందు నాకు నోరు రాదు, నిన్న రాత్రి నీతో మాట్లాడకుండా పడుకున్నది కూడా అందుకే.

మొన్న శనివారం నేను నిద్రలో ఉండగా నా స్కూటీ తీసుకెళ్ళావు కదా, దాని చలానా మెసేజ్ నిన్న నా ఫోన్‌కి వచ్చింది, ఓపెన్ చేస్తే జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర హెల్మెట్ లేకుండా నువ్వు. డబ్బులు నేను కట్టేశాను, దాని గురించి కాదు. నీ దగ్గర ఉన్నది ఎల్ఎల్ఆర్ ఒక్కటే కదా అక్కా, ఏదైనా జరిగితే బండి నా పేరు మీద ఉంది కాబట్టి కేసు నా మీదికీ వస్తుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా మెలిక పెడతారు. అసలు నీకేమైనా అయితే అనేదే నా భయం. లైసెన్స్ వచ్చేదాకా బండి మాత్రం వద్దు, ఎక్కడికైనా వెళ్ళాలంటే చెప్పు, నేనే దింపుతా.

మంగళవారం చార్జర్ కూడా అంతే. నువ్వు బ్యాగ్‌లో పెట్టుకెళ్ళావని నాకు తెలీదు, ఇల్లంతా వెతికాను, తొమ్మిదిన్నరకి క్లయింట్ కాల్, బ్యాటరీ 12 శాతం, మధ్యలోనే ఆగిపోయింది, మా లీడ్ అందరి ముందు అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు.

ఇంకొకటి ఉంది, ఇది చెప్పాలంటేనే ఏడుపొస్తోంది. ఆవకాయ. మోకాళ్ళ నొప్పులతోనే అమ్మ కింద కూర్చుని ముక్కలు తుడిచి కలిపి, నర్సరావుపేట నుంచి బస్సులో పంపించింది, ఏడాదంతా వస్తుందని. నిన్న మూత తీస్తే పైన తెల్లగా బూజు, లోపల గరిటె, దానికింకా అన్నం మెతుకులు. తడి తగిలితే పచ్చడి బతకదు కదా అక్కా. అమ్మ ఫోన్ చేసి ఎలా ఉంది అంటే బాగుంది అని అబద్ధం చెప్పాను.

నువ్వు తినకూడదని కాదు, దేవుడి తోడు. నాకు జ్వరం వచ్చినప్పుడు నాలుగు రోజులు లీవ్ పెట్టి జావ కాచి ఇచ్చింది నువ్వే, అది నేను మర్చిపోలేదు. ఇంకో చిన్న సీసాలో కొంచెం పచ్చడి మిగిలింది, దాన్ని ఇద్దరం తిందాం, పొడి గరిటెతో నేనే వేస్తా.

కానీ మిగతావి, చార్జర్, నా చున్నీలు, నా టవల్ (టవల్ మాత్రం అడిగినా ఇవ్వను, ఏమనుకోకు), ఏది కావాలన్నా ముందు అడుగు. నేను లేకపోతే వాట్సాప్‌లో "తీసుకోనా" అని ఒక్క ముక్క పెట్టు, నేను సరే అన్నాకే తీసుకో, రిప్లై రాకపోతే వద్దు. నేను కూడా నీ వస్తువులు అలాగే అడుగుతా, నీ కుక్కర్ అడక్కుండా వాడేస్తున్నా కదా, అది నీకు ఇబ్బందైతే చెప్పు.

సాయంత్రం ఏడింటికల్లా వచ్చేస్తా, పెరుగు పాకెట్ నేనే తెస్తా, నువ్వు తేవద్దు. వచ్చాక మాట్లాడుకుందాం.