ఆకు

'శుభాకాంక్షలు' దగ్గర సూరన్న వేలు ఆగిపోయింది. 'క' నొక్కేడు. పొల్లు పెట్టేడు. 'ష' ఎక్కడుందో వెతుక్కునేసరికి ఫోను చీకటైపోయింది. తట్టి లేపేడు. తీరా 'క్ష' కుదిరేక, చచ్చిపోయిన మనిషికి శుభాకాంక్షలేటని అనుమానం వచ్చింది. మొత్తం తుడిచేసి 'జయంతి' అని కొట్టేడు. పొట్టిగా బాగానే ఉంది. కానీ జయంతంటే కూడలిలో విగ్రహానికి నిచ్చెనేసి దండేస్తారు, మైకు పెడతారు. అప్పలనర్సమ్మకి జయంతేటి!

అదీ తుడిచేసేడు.

వీధిలో అరసవిల్లి వెళ్ళే జనం అర్ధరాత్రి నుంచీ నడుస్తూనే ఉన్నారు. రథసప్తమి. ఆమె ఆధార్ కార్డులో పుట్టినరోజు జూలై 1. బళ్ళో చేర్పించిన రోజున మేష్టారు వేసిన తారీకది. అత్తగారి లెక్క వేరు: "రథసప్తమినాడు, పిడకల మీద పరమాన్నం పొంగుతుంటే పుట్టింది నా గుంట." ఇంట్లో ఎప్పుడూ ఆ లెక్కే. ఏటా తారీకు మారిపోయే పుట్టినరోజు.

"తాతా, ఇంకా అవలేదా? 'హ్యాపీ బర్త్‌డే ఇన్ హెవెన్' అని పెట్టేద్దునా? అందరూ అదే పెడతన్నారు," అన్నాడు మనవడు, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

"నువ్వెళ్ళరా. లైను పెరిగిపోద్ది."

ముప్పై నాలుగేళ్ళు పోస్టుమేన్ చేసిన మనిషి. ఉద్దానం పల్లెల్లో ఖరగపూర్ నుంచీ మద్రాసు నుంచీ వచ్చే మనియార్డర్లు పంచేడు. ఫారం కింద కూపన్లో నాలుగు మాటలకి చోటుండేది. అవి చదివి వినిపించడం, జవాబు కార్డు రాసిపెట్టడం కూడా ఆయన పనే అయిపోయింది. 'గేదె ఈనింది. పెయ్య. మీరు వచ్చేది ఎప్పుడు' అని ఎవరి పెళ్ళాం తరఫునో రాసిచ్చేవాడు. అందరి మొగుళ్ళకీ రాసేడు. తన భార్యకి మాత్రం ఒక్క కార్డు ముక్క రాయలేదు. రాయడానికి ఇద్దరూ ఎప్పుడు విడిగా ఉన్నారు గనక? ఆమె పురుళ్ళకి వెళ్ళినా పుట్టిల్లు రెండు వీధుల అవతలే.

'మన' అని కొట్టగానే కీబోర్డు పైన మూడు మాటలు వచ్చేయి: 'మనసు', 'మనకు', 'మనం'. గ్రీటింగ్ టెలిగ్రాములు గుర్తొచ్చేయి. పెళ్ళికో వాక్యం, పండక్కో వాక్యం, దేని నంబరు దానిది. నంబరు చెబితే చాలు, వాక్యమంతా అవతల అచ్చయిపోయేది. ఆ సంగతి చెప్పిన రోజు అప్పలనర్సమ్మ పగలబడి నవ్వింది. తర్వాత ఈయన ఏ పండక్కి కొత్త చీర తెచ్చి మాటలకి తడుముకున్నా, "ఏటి పోస్టుబాబూ, ఎన్నో నంబరు?" అనేది. 2013లో టెలిగ్రామే ఎత్తేసేరు గాని, ఆమె ఆ మాట ఎత్తేయలేదు.

'మన'నీ తుడిచేసేడు. ఫోటో వైపు చూసేడు.

కిందటి రథసప్తమిది. పెరట్లో ముగ్గు మధ్య పిడకల పొయ్యి, పక్కన చిక్కుడాకుల మీద వేడి పరమాన్నం. తలంటుకున్న జుట్టు ఇంకా తడి. పొగకి ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఆయన్ని కసురుతోంది. ఫోటో ఓ మూల ఆయన బొటనవేలు కూడా పడింది. రెండు వేళ్ళతో పెద్దది చేసేడు. స్నానానికి నెత్తిన పెట్టుకున్న ఏడు జిల్లేడాకుల్లో ఒకటి కొప్పుకి అతుక్కుని ఉండిపోయింది. ఆ పూటే చూసేడు. చెబితే వెంటనే తీసి పారేస్తుంది, తీసేస్తే ఫోటో ఇలా రాదు. అందుకని చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాడు. తర్వాత పరమాన్నం, కూతురి ఫోను, మధ్యాహ్నం నిద్ర. ఆకు ఎప్పుడు రాలిందో, ఎక్కడ రాలిందో.

వేలు ఈసారి తడుముకోలేదు.

'ఒలే'

కీబోర్డు 'ఒకే' చెయ్యమంది. ఆయన ఒప్పుకోలేదు. నలభై రెండేళ్ళు ఆమెని పిలిచిన పిలుపు అది, ఫోనుకి తెలీకపోతే తెలీకపోనీ. కళ్ళజోడు పంచె అంచుకి తుడుచుకుని, ఒక్కో అక్షరం కొట్టేడు.

'ఒలే, కొప్పులో ఆకుండిపోయింది సూడు.'

'చూడు' అని దిద్దబోయి మానేసేడు. ఒకసారి పైకి చదివేడు, కూపన్ చదివి వినిపించినట్టు. తర్వాత ఉత్తరం మీద ముద్ర కొట్టినట్టు పచ్చ బాణం గుర్తుని గట్టిగా నొక్కేడు.